ఇంజిన్ ముందు కీచుశబ్దం, కూలెంటు చెమ్మ: వాటర్ పంపు బేరింగు, సీలు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు నడుపుతున్న నా దగ్గరకు ఈ రెండు ఫిర్యాదులూ చాలాసార్లు విడివిడిగా వస్తాయి. ఒకరు శబ్దం గురించి వస్తారు, మరొకరు రిజర్వు బాటిల్‌లో నీళ్లు తగ్గుతున్నాయని వస్తారు. బానెట్ ఎత్తి చూస్తే చాలా బండ్లలో రెండింటికీ మూలం ఒకే వాటర్ పంపు. అయితే పంపు పాడైందని తెలుసుకున్నంత మాత్రాన పని అయిపోదు. అందులో ముందు పోయింది సీలా, బేరింగా అన్నది కూడా తేల్చుకోవాలి. అది తేల్చకుండా కొత్త పంపు బిగిస్తే పాతదాన్ని చంపిన కారణమే కొత్తదాన్నీ చంపుతుంది. ఇక్కడి సమాధానాలు ప్రధానంగా బయటి బెల్టుతో పంపు తిరిగే చిన్న పెట్రోలు కారును దృష్టిలో పెట్టుకుని రాసినవి. ట్రాక్టర్లు, జీపులు, టైమింగ్ బెల్టు ఇంజిన్ల తేడాలను చివర్లో చెప్పాను.

ఇంజిన్ ముందు భాగం అంటే ఏ వైపు?

బెల్టు, పుల్లీలు ఉండే వైపును ఇంజిన్ ముందు భాగం అంటాము. జీపుల్లో, ట్రాక్టర్లలో అది రేడియేటర్ వైపే ఉంటుంది. ఇంజిన్‌ను అడ్డంగా అమర్చిన చిన్న కార్లలో మాత్రం అది పక్కనున్న ముందు చక్రం వైపుకు తిరిగి ఉంటుంది కాబట్టి, ఆ చక్రాన్ని విప్పి లోపలి ప్లాస్టిక్ కవరు తీస్తే తప్ప పంపు సరిగా కనిపించదు.

శబ్దానికీ కూలెంటు కారడానికీ సంబంధం ఏమిటి?

పంపు లోపల ఏముందో తెలిస్తే ఈ సంబంధం దానంతట అదే అర్థమవుతుంది. మధ్యలో ఒక ఇనుప షాఫ్టు ఉంటుంది. దాని బయటి కొనకు బెల్టు తిప్పే పుల్లీ, లోపలి కొనకు నీటిని నెట్టే ఇంపెల్లర్ ఉంటాయి. షాఫ్టును మోసేది గ్రీజు నింపి రెండు వైపులా మూసిన బేరింగు. ఆ బేరింగుకూ ఇంపెల్లర్‌కూ మధ్య సీలు ఉంటుంది. సీలు అంటే ఉత్త రబ్బరు వలయం కాదు. అందులో అద్దంలా నునుపు చేసిన రెండు గట్టి వలయాలు ఉంటాయి; వాటిలో ఒకటి సాధారణంగా కార్బన్, మరొకటి సిరామిక్ లేదా అంతకంటే గట్టి పదార్థం. ఒకటి కదలకుండా ఉంటే రెండోది షాఫ్టుతోపాటు తిరుగుతుంది. చిన్న స్ప్రింగు వాటిని ఒకదానికొకటి ఒత్తి పట్టుకుంటుంది. ఆ రెండు ముఖాల నడుమ కంటికి కనిపించనంత పలుచని కూలెంటు పొర ఉండి, అవి రాసుకుని అరిగిపోకుండా కాపాడుతుంది.

ఆ ముఖం మీద గీత పడినా, సున్నపు పొర కట్టినా కూలెంటు ఇవతలికి ఊరుతుంది. ఊరిన నీరు కొద్దికొద్దిగా బేరింగు అంచులోంచి లోపలికి చేరి గ్రీజును కడిగేస్తుంది. గ్రీజు పోయిన బేరింగు మొదట సన్నగా కూస్తుంది, తర్వాత గరగరలాడుతుంది, ఆపైన షాఫ్టు ఊగడం మొదలుపెడుతుంది. షాఫ్టు ఊగితే సీలు ముఖాలు సమంగా ఆనవు, చెమ్మ ఇంకా పెరుగుతుంది. ఇదే వ్యాధి అటు నుంచి కూడా మొదలుకావచ్చు. బెల్టును అవసరానికి మించి బిగిస్తే బేరింగు ముందు అరుగుతుంది, ఊగే షాఫ్టు తర్వాత సీలును తినేస్తుంది. ఎటు నుంచి మొదలైనా చివరికి చేరేది ఒక్కచోటికే కాబట్టి, ఆలస్యంగా వచ్చిన బండిలో కారణం వెతకడం కష్టమవుతుంది.

పంపు అడుగున ఉన్న చిన్న రంధ్రంలోంచి కారుతోంది. దాన్ని ఇపాక్సీతో మూసేయవచ్చా?

మూయకూడదు. దాన్ని వీప్ హోల్ అంటారు. సీలుకూ బేరింగుకూ మధ్యనున్న ఖాళీలోంచి అది బయటికి తెరుచుకుంటుంది. సీలు దాటిన నీరు బేరింగులోకి పోకుండా నేలపాలు కావడానికే ఆ దారి పెట్టారు. దాన్ని మూస్తే కారడం ఆగినట్టు కనిపిస్తుంది గానీ, ఆ నీరంతా నేరుగా బేరింగులోకే వెళుతుంది. ఆగిన చుక్కకు బదులు కొన్నాళ్లలో బేరింగే బిగుసుకుపోతుంది. బురద, గ్రీజు మడ్డి పేరుకుని ఈ రంధ్రం తనంతట తానే పూడిపోయిన పంపులను కూడా చూశాను. అందుకే ఇంజిన్ కడిగించినప్పుడు ఆ చోటును శుభ్రంగా తుడవమని చెబుతాను.

కొద్దిగా చెమ్మ మామూలే అంటారు. ఎంతవరకు మామూలు?

సీలు ముఖాల నడుమ నీటి పొర ఉండాలి కాబట్టి, అందులోంచి ఆవిరిగా కొంత బయటపడటం సహజం. రంధ్రం చుట్టూ ఎండిపోయిన లేత మరక ఉండి, అది నెలల తరబడి పెరగకపోతే కంగారు పడనవసరం లేదు. అదే మరక రంధ్రం నుంచి కిందికి చారలా దిగినా, పొరలు పొరలుగా గట్టిపడినా, వేలితో తాకితే తడి అంటినా, రిజర్వు బాటిల్‌లో మట్టం గీతకన్నా దిగుతూ పోతున్నా ఆ సీలు పని అయిపోయినట్టే. నేను చేసేదేమిటంటే, మరకను గుడ్డతో పూర్తిగా తుడిచి, ఫోనుతో ఫొటో తీసి, 200 కిలోమీటర్లు నడిచిన తర్వాత మళ్లీ చూడటం. తుడిచిన చోట కొత్త చార వచ్చిందా లేదా అన్నదే సమాధానం.

శబ్దం బెల్టుదా, పంపు బేరింగుదా? ఎలా తెలుస్తుంది?

ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఈ ప్రశ్న దగ్గరే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

బెల్టు జారినప్పుడు వచ్చేది చెవులు చిల్లులు పడే గట్టి కీచు. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు, ఏసీ వేసినప్పుడు, హెడ్‌లైట్లు వేసి ఆల్టర్నేటర్ మీద భారం పెంచినప్పుడు అది ఎక్కువవుతుంది. బేరింగు శబ్దానికి భారంతో అంత సంబంధం ఉండదు, ఇంజిన్ వేగంతో ఉంటుంది. ఎక్సలరేటర్ తొక్కేకొద్దీ స్వరం పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది. గ్రీజు ఎండిపోతున్న తొలి రోజుల్లో బేరింగు కూడా సన్నగా కీచుమంటుంది కాబట్టి చెవి ఒక్కదాన్నే నమ్మలేము.

అందుకే రెండు పరీక్షలు చేయాలి. మొదటిది నీళ్ల పరీక్ష. ఇంజిన్ నడుస్తుండగా, చేతులూ చొక్కా అంచులూ దూరంగా ఉంచి, స్ప్రే సీసాతో బెల్టు గాడులున్న వైపు కొద్దిగా నీళ్లు కొట్టాలి. శబ్దం కాసేపు ఆగి మళ్లీ మొదలైతే పుల్లీలు ఒకే వరుసలో లేవని అర్థం. నీళ్లు పడగానే శబ్దం ఇంకా పెరిగితే బెల్టు వదులుగా ఉండి జారుతోందని అర్థం. నీళ్లతో ఏ మార్పూ లేకపోతే అనుమానం బేరింగుల మీదికి పోతుంది. పంపు ఊగుతుంటే పుల్లీ వరుస కూడా తప్పుతుంది కాబట్టి, మొదటి ఫలితం వచ్చినా పంపును వదిలేయకూడదు.

రెండోది బెల్టు తీసి చూడటం. చల్లని ఇంజిన్‌కు బెల్టు విప్పి, స్టార్ట్ చేసి, అర నిమిషం మించకుండా విని ఆపేయాలి. శబ్దం పోతే అది బెల్టుతో తిరిగేవాటిలోనిదే. అలాగే ఉంటే ఇంజిన్ లోపలిది. పంపు తిరగడం లేదు కాబట్టి అంతకన్నా ఎక్కువసేపు నడపకూడదు. బ్యాటరీ దీపం వెలగడం మామూలే. టైమింగ్ బెల్టే పంపును తిప్పే ఇంజిన్లలో ఈ పరీక్ష అసలు చేయకూడదు.

బెల్టు తీయకుండా వినాలంటే పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను పంపు బాడీకి ఆనించి పిడిని చెవికి పెట్టుకుని వినడం మా పాత పద్ధతి. ఆల్టర్నేటర్, టెన్షనర్ పుల్లీల దగ్గర కూడా విని పోల్చుకోవాలి. తిరిగే భాగాలకు దగ్గరగా చేసే పని గనుక దీన్ని అలవాటు ఉన్నవారికే వదిలేయడం మంచిది.

పుల్లీ ఆడుతోందో లేదో ఎలా చూడాలి?

ఇంజిన్ ఆపి, చల్లారాక, బెల్టు తీసేయాలి. బెల్టు ఉండగా దాని బిగువే షాఫ్టును ఒక పక్కకు పట్టి ఉంచుతుంది కాబట్టి ఆట తెలియదు. పుల్లీని గడియారంలో 12, 6 ఉండే చోట్ల రెండు చేతులతో పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపాలి. చేతికి టకటకమని తగిలేంత ఆట ఉంటే పంపు మార్చాల్సిందే. ఎంత ఉంటే ఫరవాలేదు అన్న లెక్క ఇక్కడ లేదు. తర్వాత నెమ్మదిగా చేత్తో తిప్పాలి. మంచి పంపు సీలు రాపిడి వల్ల కాస్త బరువుగా, కానీ నున్నగా తిరుగుతుంది. ఇసుక నలిగినట్టు తగిలితే బేరింగు గాడుల్లో తుప్పు పట్టినట్టే. ఆట లేదు, గరగర ఉంది అన్న దశలోనే పట్టుకుంటే అదృష్టం, ఎందుకంటే అప్పటికి బెల్టుకూ మిగతా భాగాలకూ నష్టం జరిగి ఉండదు.

కారేది పంపు నుంచేనని ఖాయం చేసుకోవడం ఎలా?

ఇంజిన్ ముందు భాగంలో తడి కనిపించినంత మాత్రాన పంపును నిందించకూడదు. పైనున్న థర్మోస్టాట్ హౌసింగు ప్యాకింగు నుంచో, హోస్ పైపు క్లిప్పు దగ్గర నుంచో కారిన నీరు పంపు మీదుగా జారి కిందకు చేరుతుంది. కాబట్టి తడి చారలో అన్నిటికన్నా పై బిందువును వెతకాలి. తిరిగే పుల్లీ చెమ్మను చుట్టూ చిమ్ముతుంది. బానెట్ లోపలి వైపున, పక్కనున్న రేకు మీద, పుల్లీకి సరిగ్గా ఎదురుగా ఒకే గీత మీద ఎండిన చుక్కల వరుస కనిపిస్తే అది పంపు పుల్లీ వెనక నుంచి వచ్చిందనడానికి మంచి సాక్ష్యం. కూలెంటు రంగును బట్టి ఆ చుక్కలు ఆకుపచ్చగానో గులాబీగానో తెల్లగానో ఉంటాయి. వేళ్ల మధ్య రుద్దితే జిడ్డుగా, నల్లగా ఉన్నది ఇంజిన్ ఆయిలు. దాని కథ వేరు.

కంటితో తేలకపోతే ప్రెషర్ టెస్టర్ పెట్టాలి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక రేడియేటర్ మూత తీసి, ఆ స్థానంలో చేతిపంపు ఉన్న టెస్టర్‌ను బిగించి, మూత మీద ముద్రించిన ఒత్తిడి దాకా గాలి కొట్టాలి. చిన్న కార్లలో అది తరచుగా 0.9 లేదా 1.1 బార్ ఉంటుంది. అంతకు మించి కొడితే బాగున్న హోస్‌లు కూడా చెడతాయి. పది, పదిహేను నిమిషాలు ముల్లును గమనిస్తూ, టార్చి లైటు, చిన్న అద్దం సాయంతో రంధ్రం దగ్గర చూడాలి. కొన్ని సీళ్లు చల్లగా ఉన్నప్పుడే కారతాయి, వేడెక్కి వ్యాకోచించాక ఆగిపోతాయి. మరికొన్ని షాఫ్టు తిరిగినప్పుడే కారతాయి. అందుకే ఒక్కసారి ముల్లు నిలబడిందని పంపు మంచిదని తీర్పు చెప్పకూడదు. రాత్రంతా ఆగిన బండిని పొద్దున్నే మరోసారి చూడాలి.

ఎక్కడా తడి లేకుండా మట్టం తగ్గుతుంటే, ఆయిలు పాలు కలిపిన టీలా మారితే, లేదా సైలెన్సర్ నుంచి తెల్లపొగ ఆగకుండా వస్తుంటే పంపును వదిలి హెడ్ గాస్కెట్ వైపు చూడాలి.

నిజంగా వచ్చిన ఒక బండి విషయం చెప్పగలరా?

నరసరావుపేట వైపు నుంచి ఒక ఉపాధ్యాయుడు 1.2 లీటర్ పెట్రోలు కారు తెచ్చారు. మీటరు మీద 82,000 కిలోమీటర్లు ఉన్నాయి. "మేస్త్రి గారూ, నాలుగు నెలల్లో రెండు బెల్టులు మార్చాను. మార్చిన పది రోజులు బాగుంటుంది, మళ్లీ పొద్దున్నే అదే కూత" అన్నారు. రిజర్వు బాటిల్‌లో ఏమైనా పోస్తున్నారా అని అడిగితే, నెలకు ఒక అర లీటరు పోస్తున్నానని, అది ఎండల వల్ల ఆవిరైపోతుందేమో అనుకున్నానని చెప్పారు. శబ్దం గురించి చూపించిన చోట ఈ మాట ఆయన చెప్పలేదు, వాళ్లూ అడగలేదు.

బెల్టు చూస్తే కొత్తదే, కానీ గాడుల వైపు గాజులా మెరుస్తోంది. దానికి ఎదురుగా రేకు మీద ఆకుపచ్చ చుక్కలు ఒక వరుసలో ఉన్నాయి. బెల్టును వేలితో నొక్కితే వీణ తీగలా బిగుసుకుని ఉంది. ఆ బండిలో బెల్టు బిగువు ఆల్టర్నేటర్‌ను జరిపి సరిచేయాలి. ప్రతిసారీ కూత ఆపడానికి ఇంకాస్త లాగి బిగించారన్నమాట. టెస్టర్‌తో 0.9 బార్ పెట్టాక పది నిమిషాల్లో ముల్లు 0.7కి దిగింది. అద్దంలో చూస్తే పుల్లీ వెనక రంధ్రం అంచున ఒక చుక్క ఉబ్బి, వేలాడి, రాలడం కనిపించింది. బెల్టు విప్పి ఊపితే పుల్లీ దాదాపు ఒక మిల్లీమీటరు ఆడింది.

పంపు దించాక లేత్ మిషను దగ్గర షాఫ్టును నొక్కించి బయటకు తీశాము. సీలు కార్బన్ ముఖం మీద ముగ్గు గీసినట్టు తెల్లటి వలయం ఉంది, దాని పక్కన సన్నని గీతలు ఉన్నాయి. బేరింగు గ్రీజు పాలు కలిపిన కాఫీ రంగులోకి మారి, గుండ్లు నడిచే గాడిలో తుప్పు చుక్కలు పడ్డాయి. రెండేళ్ల క్రితం ఒక హోస్ పగిలినప్పుడు ఇంటి బోరునీళ్లే నింపి నడిపానని ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది.

కాబట్టి క్రమం ఇది: బోరునీటి సున్నం సీలు ముఖం మీద కట్టింది, సీలు ఊరింది, ఊరిన కూలెంటు బెల్టు మీద పడి బెల్టు జారి కూసింది. కూత బెల్టుదే, ఆ మాట వరకు ముందు చూసినవారు చెప్పింది నిజమే. కానీ కూతకు మందుగా బిగించిన ప్రతి బెల్టూ, అప్పటికే గ్రీజు కడుక్కుపోతున్న బేరింగు మీద బరువు పెంచింది. మొదటి బెల్టు మార్చిన రోజున రంధ్రం దగ్గర టార్చి వేసి చూసి ఉంటే ఒక పంపుతో, ఒక బెల్టుతో తేలిపోయేది.

కొత్త పంపు, కొత్త బెల్టు, కొత్త రేడియేటర్ మూత వేసి, లోపలి సున్నపు మడ్డి పోయేదాకా డిస్టిల్డ్ నీటితో మూడుసార్లు కడిగి, కూలెంటు నింపాము. 500 కిలోమీటర్ల తర్వాత తెచ్చి చూపించమన్నాను. రంధ్రం దగ్గర పొడి మరక ఉంది, తడి లేదు, బాటిల్ మట్టం గీత మీదే ఉంది.

బోరునీళ్లు పోస్తే అంత నష్టమా? ఆర్వో నీళ్లు పోయవచ్చా?

మన దగ్గర చాలాచోట్ల బోరునీళ్లు ఎంత గట్టివో వేడినీళ్ల గిన్నె అడుగు చూస్తే తెలుస్తుంది. అదే తెల్లపొర ఇంజిన్ లోపల వేడిగా ఉన్న ప్రతి చోటా కడుతుంది, రాపిడితో వేడెక్కే సీలు ముఖం వాటిలో ఒకటి. కూలెంటులోని మందులు తుప్పును ఆపడానికీ పంపు భాగాలను కాపాడటానికీ ఉంటాయి. ఉత్త నీటికి ఆ గుణం లేదు. 50 శాతం కూలెంటు, 50 శాతం బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ నీరు కలపడం అందరికీ సరిపోయే పద్ధతి. ముందే కలిపి అమ్మే కూలెంటులో మళ్లీ నీళ్లు కలపకూడదు. డబ్బా మీద చదివి పోయాలి. దారిలో వేరే గతి లేకపోతే ఆర్వో నీళ్లు బోరునీళ్లకన్నా చాలా నయం, కానీ ఊరు చేరాక మార్చేయాలి. రంగు ఒకటే కదా అని రెండు రకాల కూలెంట్లు కలపవద్దు. కొన్ని రకాలు కలిస్తే చిక్కటి జిగురు ముద్ద కడుతుంది, రంగు చూసి రకం చెప్పలేము.

ఈ స్థితిలో ఇంకా ఎన్ని కిలోమీటర్లు నడపవచ్చు?

కిలోమీటర్లలో సమాధానం చెప్పేవారిని నమ్మవద్దు. చెమ్మ మాత్రమే ఉండి, పుల్లీలో ఆట లేక, శబ్దం లేకపోతే, ప్రతి ఉదయం చల్లని ఇంజిన్‌లో మట్టం చూసుకుంటూ కొన్ని రోజులు తిరిగి, వీలు చూసుకుని పంపు మార్పించవచ్చు. పుల్లీలో ఆట వచ్చాక మాత్రం బండిని లాగించి తీసుకురావడమే సరైనది. బేరింగు ఎప్పుడు విరుగుతుందో చెప్పలేము. విరిగితే బెల్టు ఊడి ఆల్టర్నేటర్ కూడా ఆగుతుంది, నీటి ప్రవాహం అక్కడికక్కడే నిలిచిపోతుంది.

చెమ్మ వల్ల పోయేది నీరు మాత్రమే కాదు, ఒత్తిడి కూడా. 0.9 బార్ ఒత్తిడిలో ఉత్త నీరు సుమారు 118 డిగ్రీల దాకా మరగదు. ఒత్తిడి నిలవకపోతే 100 డిగ్రీలకే మరుగుతుంది. మే నెలలో రెంటచింతల ఎండలో ఏసీ వేసుకుని పోయే బండికి ఆ తేడా చాలా పెద్దది. ఇంకొక ప్రమాదం తక్కువ మందికి తెలుసు. నీటి మట్టం టెంపరేచర్ సెన్సర్ కిందికి దిగిపోతే సెన్సర్ ఆవిరిలో తేలుతూ తప్పు లెక్క చూపవచ్చు. ముల్లు మధ్యలోనే ఉందని నడుపుతూ పోతే హెడ్ వంగిపోయేది అలాంటప్పుడే. హీటర్ వేస్తే చల్లగాలి వచ్చిందంటే నీరు తగ్గిందన్న గుర్తు; వెంటనే ఇంజిన్ ఆపాలి. ఆపాక, చల్లారేదాకా రేడియేటర్ మూతను ముట్టుకోవద్దు. వేడి మీద మూత తిప్పి ముఖం కాల్చుకున్నవారిని చూశాను.

లీకు ఆపే పొడి వేస్తే సరిపోతుందా?

సరిపోదు. ఆ పొడి రేడియేటర్ రేకులోని సన్నని చిల్లులను పూడ్చడానికి తయారైనది. తిరిగే సీలు ముఖాల మధ్య చేరితే అది వాటిని ఇంకా గీరుతుంది, హీటర్ సన్న గొట్టాలను పూడుస్తుంది.

పంపుకు కిట్ వేయించాలా, కొత్త పంపు కొనాలా?

లారీలు, ట్రాక్టర్ల పెద్ద పోత ఇనుప పంపులకు షాఫ్టు, బేరింగు, సీలు ఉన్న కిట్ దొరుకుతుంది. ప్రెస్సు మీద సరిగా నొక్కి వేసే పనివాడు ఉంటే ఆ పంపు మళ్లీ బాగా నడుస్తుంది. కానీ ఇంపెల్లర్‌కూ బాడీకీ మధ్య సందును కొలిచి పెట్టాలి, సీలును దాని అంచు మీదే నొక్కాలి, ముఖం మీద చేతి జిడ్డు కూడా అంటకూడదు. సుత్తితో కొట్టి దింపిన బేరింగు మొదటి రోజే గాయపడుతుంది. చిన్న కార్ల అల్యూమినియం పంపులకు కిట్ జోలికి పోకుండా కొత్తదే వేయమంటాను. కొనేటప్పుడు ఇంపెల్లర్ రెక్కలు, పుల్లీ బిగించే ముఖం ఎత్తు పాతదానితో పక్కపక్కన పెట్టి పోల్చండి. ఎత్తు ఒక్క మిల్లీమీటరు తేడా ఉన్నా బెల్టు వరుస తప్పి, కొత్త పంపుతో పాత కూతే వినిపిస్తుంది.

పంపు మార్చేటప్పుడు ఎక్కడ పొరపాట్లు జరుగుతాయి?

మొదటి పొరపాటు తొందర. పుల్లీ బోల్టులను బెల్టు ఉండగానే వదులు చేయాలి. బెల్టు తీశాక పుల్లీ తిరుగుతూ ఉంటుంది, స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి పట్టుకుంటే అంచు వంగుతుంది. పంపు బోల్టులు అన్నీ ఒకే పొడవు ఉండవు. అట్టముక్క మీద పంపు బొమ్మ గీసి, తీసిన బోల్టును తీసిన చోటే గుచ్చి పెట్టుకోండి. పొడుగు బోల్టు పొట్టి రంధ్రంలోకి పోతే అల్యూమినియం బ్లాకు పగులుతుంది. కొన్ని బోల్టుల రంధ్రాలు నీటి దారిలోకి తెరుచుకుని ఉంటాయి, వాటి మరలకు సీలెంటు పూయాలి.

రెండోది ముఖం శుభ్రం చేయడం. పాత ప్యాకింగును ప్లాస్టిక్ గీకుడుతో తీయాలి; ఉలితో గీరితే అక్కడే రేపటి లీకు పుడుతుంది. రబ్బరు ఓ-రింగు ఉన్న పంపుకు సీలెంటు అక్కరలేదు. సీలెంటు వాడాల్సిన చోట సన్నని దారంలా పూయాలి. ఎక్కువైనది లోపలికి పిండుకుని, ఊడి, కూలెంటుతో తిరుగుతూ సీలు దగ్గరకే చేరుతుంది. బోల్టులను ఎదురెదురుగా, రెండు విడతల్లో, ఆ ఇంజిన్ మాన్యువల్ చెప్పిన బిగువుకు టార్క్ పానాతో బిగించాలి. సన్నని 6 మిల్లీమీటర్ల బోల్టుకు సాధారణంగా 10 న్యూటన్ మీటర్లే చాలు, అది చేతికి చాలా తక్కువగా అనిపిస్తుంది. అందుకే చేతి అంచనా మీద బిగించేవారు మరలు తెంపుతారు.

మూడోది, కొత్త పంపును నీళ్లు లేకుండా తిప్పడం. "సౌండు ఒకసారి విందాం" అని కూలెంటు పోయకముందే స్టార్ట్ చేస్తారు. సీలు ముఖాల మధ్య నీటి పొర లేకుండా తిరిగిన ఆ కొద్ది సేపట్లోనే అవి కాలి గీతలు పడతాయి. ముందు నింపాలి. నింపేటప్పుడు హీటర్‌ను పూర్తి వేడికి పెట్టి, ఏర్ స్క్రూ ఉంటే వదులు చేసి, బుడగలు ఆగేదాకా నెమ్మదిగా పోయాలి. ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా నడిపి, పూర్తిగా చల్లారాక మళ్లీ మట్టం చూడాలి. దాదాపు ప్రతిసారీ కొంత దిగే ఉంటుంది.

చివరిది బెల్టు. కూలెంటు తాగిన పాత బెల్టును తిరిగి వేయవద్దు. దానంతట అదే సర్దుకునే టెన్షనర్ ఉంటే దాని స్ప్రింగు బలం, పుల్లీ నునుపు చూడండి. చేత్తో బిగించే రకమైతే మాన్యువల్‌లోని కొలతే ప్రమాణం. కూత ఆగేదాకా బిగించడం కొలత కాదు.

కొత్త పంపు కూడా చెమ్మ పెడుతోంది. మోసపోయానా?

తొందరపడవద్దు. కొత్త సీలు ముఖాలు ఒకదానికొకటి కుదురుకునేదాకా రంధ్రం దగ్గర కొద్ది తడి కనిపించవచ్చు. రోజురోజుకూ తగ్గి, పొడి మరకగా మిగిలితే మంచిదే. చుక్కలుగా రాలుతుంటే, లేదా మొదటి వారం దాటినా తడి ఆరకపోతే పంపు వెనక్కి ఇవ్వాల్సిందే. తడి రంధ్రం నుంచి కాక పంపు, బ్లాకు కలిసే గీత వెంబడి ఉంటే అది పంపు తప్పు కాదు, బిగించిన తీరుది.

నా ఇంజిన్‌లో పంపు టైమింగ్ బెల్టుతో తిరుగుతుంది. ఏమైనా తేడా ఉందా?

చాలా ఉంది. అక్కడ పంపు బిగుసుకుంటే టైమింగ్ బెల్టు పళ్లు దాటుతుంది లేదా తెగుతుంది. చాలా ఇంజిన్లలో అప్పుడు వాల్వులు పిస్టన్లకు తగిలి వంగుతాయి. పంపు కవరు లోపల ఉండటం వల్ల చెమ్మ కూడా ఆలస్యంగా, కవరు కింది అంచున మాత్రమే కనిపిస్తుంది. ఆ తడి కనిపిస్తే బండి నడపవద్దు. టైమింగ్ బెల్టు మార్చిన ప్రతిసారీ, పంపు బాగున్నా సరే, దాన్ని కూడా మార్పించండి. విప్పే శ్రమంతా ఒకటే.

ట్రాక్టర్లు, జీపుల్లో ఏది ప్రత్యేకంగా చూడాలి?

వాటిలో చాలావాటికి రేడియేటర్ ఫ్యాన్ పంపు షాఫ్టు మీదే ఉంటుంది, కాబట్టి బేరింగు ఫ్యాన్ బరువును కూడా మోస్తుంది. ఒక్క రెక్క విరిగినా, వంగినా తిరిగే ప్రతి చుట్టులో బేరింగుకు దెబ్బ తగులుతుంది. ఇంజిన్ ఆపి, తాళం తీసి, రెక్క కొన పట్టుకుని ఊపితే ఆట బాగా తెలుస్తుంది. షాఫ్టు విరిగితే ఫ్యాన్ నేరుగా రేడియేటర్‌ను కోసేస్తుంది. దమ్ము చేసే రోజుల్లో పొలంలో అది జరిగితే పంపుతోపాటు రేడియేటర్ ఖర్చు కూడా నెత్తిన పడుతుంది. కొన్ని పాత పంపులకు గ్రీజు నిపుల్ ఉంటుంది. గన్‌తో బలంగా కొడితే గ్రీజు సీలును దాటి నీటిలోకి పోతుంది. మాన్యువల్ చెప్పిన గ్రీజు, చెప్పినన్ని దెబ్బలే కొట్టాలి.

తీసిన పాత కూలెంటును ఏం చేయాలి?

కూలెంటులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కానీ విషం. నేల మీద ఒలికిన మడుగును కుక్కలు నాకుతాయి, కొద్దిపాటికే వాటి మూత్రపిండాలు పాడవుతాయి. ట్రేలో పట్టి, మూత ఉన్న డబ్బాలో పోసి, దాని మీద పేరు రాసి, పిల్లలకు అందని చోట పెట్టండి. కూల్‌డ్రింక్ సీసాలో మాత్రం ఎప్పుడూ పోయవద్దు. పాత ఆయిలు తీసుకునేవారికి ఇచ్చేటప్పుడు కూలెంటును ఆయిలుతో కలపకుండా వేరుగా ఇవ్వండి. ఒలికిన చోట రంపపు పొట్టు చల్లి ఎత్తివేసి, ఆ చోటును ఎక్కువ నీళ్లతో కడగండి.